మూడు రోజుల ఉద్యోగికి సెలవులెన్ని?

బ్రిటన్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థిని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పే అంకె ఒకటుంది. వారానికి 20 గంటలు. డిగ్రీ, ఆపై చదువులకు వెళ్లినవారు తరగతులు నడిచే రోజుల్లో అంతకు మించి పనిచేస్తే వీసాకే ఎసరు వస్తుంది కాబట్టి విమానం ఎక్కకముందే దాన్ని కంఠస్థం చేయిస్తారు. అదే దేశపు చట్టంలో ఉన్న మరో అంకె, 5.6, మాత్రం వీళ్లలో చాలామంది చెవిన పడదు. సూపర్ మార్కెట్‌లో, కేర్ హోమ్‌లో, హోటల్ వంటింట్లో వారానికి రెండు మూడు రోజులు పనిచేసే కుర్రాడు జీతంతో కూడిన సెలవు సంగతి ఎత్తితే, ‘పార్ట్ టైమ్ వాళ్లకి సెలవులేంటి తమ్ముడూ’ అని మనవాళ్లే నవ్వేస్తారు. అలా నవ్వే వారికి చట్టం తెలియదనుకోవాలి, లేదా తెలిసే నవ్వుతున్నారనుకోవాలి.

బ్రిటన్‌లో 1998 నాటి పనివేళల నిబంధనల ప్రకారం ప్రతి పనివాడికీ ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు కనీస హక్కు. మొదట్లో ఇది ఇంకా తక్కువగా ఉండేది, 2009 ఏప్రిల్ నుంచి ఇప్పుడున్న స్థాయికి వచ్చింది. పూర్తికాలం, పార్ట్ టైమ్, తాత్కాలికం, ఏజెన్సీ ద్వారా వచ్చినవారు, జీరో అవర్స్ వారు అన్న తేడా ఇందులో లేదు. చేరి కొన్నాళ్లయితేనే ఇస్తాం అనడానికీ వీల్లేదు. 13 వారాలు పనిచేశాకే సెలవు అన్న షరతు ఒకప్పుడు ఉండేది గానీ, ప్రసార, వినోద రంగ కార్మికుల సంఘం వేసిన కేసులో 2001లో యూరప్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఇప్పుడు చేరిన మొదటి రోజు నుంచే సెలవు జమ అవుతుంది.

చట్టం రోజుల్లో కాక వారాల్లో లెక్కపెట్టడంలోనే అసలు సూక్ష్మం ఉంది. నా వారం ఐదు రోజులైతే 5.6 వారాలంటే 28 రోజులు. నీ వారం మూడు రోజులైతే నీ 5.6 వారాలు 16.8 రోజులు. ఇద్దరం ఏడాదిలో పనికి దూరంగా ఉండే కాలం మాత్రం ఒకటే. దామాషా అంటే ఇదే. ఇక్కడ పార్ట్ టైమ్ మనిషికి ఎవరూ దయ చూపించడం లేదు, కోత కూడా పెట్టడం లేదు. ఆ 0.8 రోజును పైకి సవరించి 17 చేస్తే యజమాని ఇష్టం. కిందికి దించి 16 చేయడం మాత్రం కుదరదు.

వారంలో అన్ని రోజులూ ఒకే పొడవుగా లేనప్పుడు రోజుల లెక్క పక్కనపెట్టి గంటల్లోకి వెళ్లాలి. సోమ, మంగళవారాల్లో ఎనిమిదేసి గంటలు, శుక్రవారం నాలుగు గంటలు పనిచేసే అమ్మాయి సంగతి చూద్దాం. వారానికి 20 గంటలు కాబట్టి ఏడాదికి 112 గంటల సెలవు. ఆమె సోమవారం సెలవు పెడితే ఖాతాలోంచి ఎనిమిది గంటలు పోవాలి, శుక్రవారం పెడితే నాలుగే పోవాలి. ఏ రోజు పెట్టినా ‘ఒక రోజు’ అని కొట్టేసే కంపెనీలో శుక్రవారం సెలవు పెట్టిన ప్రతిసారీ ఆమె నష్టపోతుంది. గంటకు 13 పౌండ్ల చొప్పున ఆ 112 గంటల విలువ 1,456 పౌండ్లు. మన డబ్బుల్లో లక్షన్నరకు పైమాటే.

ఇంతవరకూ లెక్క సాఫీగానే ఉంది. చిక్కంతా బ్యాంక్ హాలిడేల దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏడాదికి ఎనిమిది బ్యాంక్ హాలిడేలు. వాటిని 28 రోజుల్లో కలిపే లెక్కించవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. చాలా ఆఫీసులు అంతకంటే ఉదారంగా 25 రోజులు ఇచ్చి, ఎనిమిది బ్యాంక్ హాలిడేలు వేరుగా ఇస్తాయి. పూర్తికాలపు ఉద్యోగికి మొత్తం 33. ఇప్పుడు ఆ ఆఫీసులో వారానికి మూడు రోజులు పనిచేసే ముగ్గురిని ఊహించుకోండి. ఒకామె సోమ, మంగళ, బుధ వస్తుంది. రెండో ఆమె మంగళ, బుధ, గురు. మూడో ఆయన బుధ, గురు, శుక్ర. మేనేజర్ తనకు తోచిన న్యాయంతో ఇలా అంటాడు: ‘25లో మీ వాటా 15 రోజులు. బ్యాంక్ హాలిడే మీరు వచ్చే రోజున పడితే సెలవు, పడకపోతే లేదు.’

వినడానికి సబబుగానే ఉంది. 2026 కేలెండర్ తీసి చూస్తే తేలుతుంది. జనవరి 1 గురువారం. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ రెండూ శుక్రవారాలు. ఈస్టర్ సోమవారం, మే నెలలోని రెండు సెలవులు, ఆగస్టు ఆఖరి సెలవు, బాక్సింగ్ డే శనివారం పడడంతో దానికి బదులుగా ఇచ్చే డిసెంబరు 28, ఈ ఐదూ సోమవారాలు. మంగళ, బుధవారాల్లో ఒక్కటీ లేదు. అంటే మొదటి ఆమెకు 15తోపాటు ఐదు, మొత్తం 20. బుధవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే ఆయనకు మూడు కలిసి 18. మంగళవారం నుంచి గురువారం దాకా వచ్చే ఆమెకు ఒకే ఒక్కటి, మొత్తం 16.

ఒకే ఆఫీసు, ఒకే హోదా, ఒకే మూడు రోజులు. అయినా నాలుగు రోజుల తేడా. అంతకన్నా ముఖ్యమైన సంగతి, రెండో ఆమెకు దక్కిన 16 చట్టం చెప్పిన కనీసం 16.8 కంటే తక్కువ. ఎవరి మనసులోనూ చెడు ఉద్దేశం లేకుండానే ఆ మేనేజర్ చట్టం తప్పాడు. నేను చూసినంతలో దామాషా లెక్కలు బెడిసికొట్టేది ఎక్కువగా ఇలాగే. ఎగ్గొట్టాలన్న దుర్మార్గం కంటే కేలెండర్‌ను నమ్ముకున్న బద్ధకమే ఎక్కువ నష్టం చేస్తుంది.

సరైన పద్ధతి ఏమంటే, రెండింటినీ ముందే కలిపేయాలి. 33లో ఐదింట మూడో వంతు, 19.8 రోజులు. ఇది ముగ్గురికీ సమానం. ఆ ఖాతాలోంచి ఎవరికి పనిరోజున బ్యాంక్ హాలిడే పడితే వారికి ఆ రోజు తీసేయాలి. సోమవారం వచ్చే ఆమెకు ఐదు పోగా తన ఇష్టప్రకారం పెట్టుకునేవి 14.8 మిగులుతాయి. రెండో ఆమెకు ఒకటి పోగా 18.8, మూడో ఆయనకు మూడు పోగా 16.8. సోమవారం మనిషి ఒక్కోసారి గొణుగుతుంది, ‘నా సొంత సెలవులు నాలుగు తక్కువ వచ్చాయి’ అని. తక్కువ రాలేదు, ఆమె ఆ నాలుగూ సోమవారాలప్పుడు ఇంట్లో కూర్చుని జీతం తీసుకుంది.

ఇలా సమానంగా చూడాలన్నదానికి వేరే నిబంధనలు ఉన్నాయి. 2000 జులై 1 నుంచి అమల్లో ఉన్న పార్ట్ టైమ్ కార్మికుల నిబంధనలవి. అదే యజమాని దగ్గర, అదే తరహా ఒప్పందం మీద, ఇంచుమించు అదే పని చేసే పూర్తికాలపు ఉద్యోగితో పోల్చి, పార్ట్ టైమ్ అన్న కారణంగా తక్కువగా చూడకూడదని అవి చెబుతాయి. గంట వేతనం, సెలవు, బోనస్, పెన్షన్ పథకంలో ప్రవేశం అన్నీ దామాషాలో రావాలి. ఆరోగ్య బీమా లాంటిదాన్ని ఐదింట మూడో వంతుగా కోయలేం కాబట్టి, ఇవ్వననే యజమాని అందుకు గట్టి కారణం చూపాలి. ఓవర్‌టైమ్ ఒక్కటే మినహాయింపు. వారానికి 20 గంటల మనిషి 22 గంటలు చేసినంత మాత్రాన రెండు గంటలకు ఓవర్‌టైమ్ రేటు అడగలేడు, ఆ సంస్థలో పూర్తికాలపు గంటలు దాటితేనే అది వర్తిస్తుంది.

అయితే ఈ నిబంధనల పట్టుకు హద్దు ఉంది, అదీ తెలుసుకోవాలి. స్కాట్లండ్‌లో వారం పొడుగునా నడిచే ఒక కాల్ సెంటర్‌లో బుధ, గురు, శుక్రవారాలు పనిచేసే మెక్‌మెనెమీ అనే ఉద్యోగి సోమవారపు సెలవులు తనకు దక్కడం లేదని కేసు వేశాడు. 2007లో అక్కడి ఉన్నత న్యాయస్థానంలో ఓడిపోయాడు. మంగళవారం నుంచి శనివారం దాకా పనిచేసే పూర్తికాలపు ఉద్యోగికి కూడా సోమవారపు సెలవు దక్కదు కదా, కాబట్టి నష్టానికి కారణం పార్ట్ టైమ్ కావడం కాదు, సోమవారం రాకపోవడం అన్నారు న్యాయమూర్తులు. తర్కానికి తిరుగులేదు, న్యాయమా అంటే మాత్రం నాకు అనుమానమే. దీన్నిబట్టి, అందరూ సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే ఆఫీసులో ఈ వాదన బలంగా నిలుస్తుంది, ఏడు రోజులూ తెరిచి ఉండే దుకాణంలో బలహీనపడుతుంది. ఎక్కడైనా సరే, 5.6 వారాల కనీసానికి మాత్రం పోలికలతో పనిలేదు. అది విడిగా నిలబడే హక్కు.

ఇక వారం వారం గంటలు మారిపోయే వారి సంగతి. మన విద్యార్థుల్లో చాలామంది ఈ కోవలోనే ఉంటారు. ఈ వారం రోటాలో 12 గంటలు, వచ్చే వారం 20, పరీక్షల వారం సున్నా. వారమే స్థిరంగా లేనప్పుడు 5.6 వారాలంటే ఎంత? దీనికి వాడే అంకె 12.07 శాతం. ఎక్కడినుంచి వచ్చిందో చూడడం తేలిక. ఏడాదిలో 52 వారాలు, అందులో 5.6 సెలవు పోతే పనిచేసేవి 46.4. 5.6ను 46.4తో భాగిస్తే పనిచేసిన ప్రతి వంద గంటలకూ 12.07 గంటల సెలవు.

దీని వెనక ఒక పెద్ద కేసే నడిచింది. బెడ్‌ఫర్డ్‌లోని ఒక బాలికల పాఠశాలలో శాక్సోఫోన్, క్లారినెట్ నేర్పే బ్రేజెల్ అనే సంగీతం టీచర్ ఉండేవారు. పిల్లలు ఎందరు చేరితే అన్ని గంటలు, అదీ బడి నడిచే వారాల్లోనే. ఆమెకు సెలవు జీతాన్ని యాజమాన్యం 12.07 శాతం లెక్కన కట్టింది. చట్టంలో అప్పటికి ఆ అంకె లేదు, 5.6 వారాలే ఉంది, కాబట్టి పనిచేసిన వారాల సగటు జీతాన్ని 5.6తో హెచ్చించి ఇవ్వాలన్నది ఆమె వాదన. 2022 జులైలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఏడాదిలో 32 వారాలు మాత్రమే పనిచేసే మనిషికి ఆ లెక్కన సెలవు జీతం 17.5 శాతం అవుతుంది. అంటే తక్కువ వారాలు పనిచేసేవారికి దామాషా కంటే ఎక్కువే అందుతుంది. చట్టంలో అలా రాసి ఉన్నప్పుడు అలాగే ఇవ్వాలన్నారు న్యాయమూర్తులు. యజమానులు గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం నిబంధనలనే మార్చింది. 2024 ఏప్రిల్ 1న గానీ, ఆ తర్వాత గానీ మొదలైన సెలవు సంవత్సరాలకు, గంటలు మారే వారికీ, ఏడాదిలో కొంతకాలమే పనిచేసే వారికీ 12.07 శాతమే అధికారిక లెక్క. స్థిరంగా వారానికి ఇన్ని గంటలని ఉన్నవారికి మాత్రం ఇది వర్తించదు, వారిది పాత 5.6 లెక్కే.

ఒక నెల తీసుకుందాం. మన కుర్రాడు 72 గంటలు పనిచేశాడు. అందులో 12.07 శాతం 8.69 గంటలు. అరగంట, ఆపైన ఉంటే పై గంటకు సవరించాలి కాబట్టి 9 గంటల సెలవు అతని ఖాతాలో పడాలి. యజమానికి ఇంకో దారి కూడా ఉంది. సెలవు జమ చేసుకుంటూ పోకుండా, ప్రతి జీతంతోనూ 12.07 శాతం అదనంగా కలిపి ఇచ్చేయవచ్చు. 72 గంటలకు 13 పౌండ్ల చొప్పున 936, దాని మీద 112.98. అయితే ఆ మొత్తం పేస్లిప్‌లో విడి వరుసగా కనిపించి తీరాలి. గంటలు స్థిరంగా ఉన్న ఉద్యోగికి ఇలా కలిపి ఇచ్చే పద్ధతి చెల్లదు.

మోసం దొరికిపోయేది కూడా ఈ విడి వరుస దగ్గరే. ‘గంటకు 13 పౌండ్లు, హాలిడే పే అందులోనే ఉంది’ అని నోటిమాటగా చెప్పే దుకాణాలున్నాయి. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు దాటినవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. సెలవు జీతం దీనికి పైన రావాలి, ఇందులో కలవకూడదు. 12.71 మీద 12.07 శాతం కలిపితే దాదాపు 14.24. కాబట్టి ‘అన్నీ కలిపి’ అన్న రేటు అంతకు తగ్గిందంటే ఎగవేత ఒకటి కాదు రెండు, సెలవు జీతమూ కనీస వేతనమూ. లెక్క వెనక్కి వేసి చూస్తే 13లో అసలు వేతనం 11.60 మాత్రమే. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 13ను 1.1207తో భాగిస్తే చాలు.

ఇంకో రకం ఎత్తుగడ, పనివాడిని స్వయం ఉపాధి కింద చూపించి ఇన్‌వాయిస్ రాయించుకోవడం. స్వయం ఉపాధి వారికి సెలవు హక్కు లేదు మరి. విద్యార్థికి ఇది రెండు విధాలా ప్రమాదం. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం, ఫుడ్ డెలివరీ ఖాతాలు అద్దెకు తీసుకుని తిరిగే వాళ్లకు వచ్చే చిక్కు అదే. 20 గంటలు దాటి నగదుకు పనిచేసేవాడు సెలవు జీతం గురించి నోరెత్తలేడని కూడా యజమానికి బాగా తెలుసు. ఆ హద్దులో ఉన్నవాడే ధైర్యంగా అడగగలడు.

ఉద్యోగంలో ఉండగానే గంటలు తగ్గించుకునే వారి విషయంలో పొరపాటు వేరే తీరుగా జరుగుతుంది. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చి ఐదు రోజుల్ని మూడు చేసుకునే తల్లులు ఇందులో ఎక్కువ. ఏడాదికి 28 రోజుల లెక్కన ఆరు నెలల్లో 14 రోజుల సెలవు జమైంది, వాడలేదు. ఏడో నెలలో మూడు రోజులకు మారింది. కంప్యూటర్‌లో వారపు రోజులు మార్చగానే పాత 14 కూడా ఐదింట మూడో వంతుకు పడిపోయి 8.4 అని చూపిస్తుంది. అది తప్పు. ఆస్ట్రియాలోని టిరోల్ ఆసుపత్రుల ఉద్యోగుల కేసులో 2010లో యూరప్ న్యాయస్థానం చెప్పింది ఇదే. పూర్తికాలం పనిచేసి సంపాదించిన సెలవును, తర్వాత గంటలు తగ్గాయని వెనక్కి వెళ్లి కోయకూడదు. గంటలు పెరిగిన సందర్భంలో వచ్చిన ఒక బ్రిటిష్ కేసులో, ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే కేర్ వర్కర్ విషయంలో, 2015లో అదే న్యాయస్థానం మరోవైపు నుంచి అదే మాట చెప్పింది. పాత కాలానికి పాత లెక్క, మార్పు జరిగిన రోజు నుంచి కొత్త లెక్క. అందుకే గంటలు మార్చుకునే ముందు రోజు మీ ఖాతాలో ఎంత సెలవు ఉందో ఈమెయిల్‌లో రాయించుకోవడం మంచిది.

పెన్షన్ దగ్గర దామాషా సూత్రం పనిచేయని చోటొకటి ఉంది. 22 ఏళ్లు నిండి ఒక ఉద్యోగంలో ఏడాదికి 10,000 పౌండ్లకు పైన వచ్చేవారిని యజమాని తనంతట తానే పెన్షన్ పథకంలో చేర్చాలి. ఈ హద్దు గంటల్ని బట్టి తగ్గదు, ఒక్కో ఉద్యోగానికీ విడిగా చూస్తారు. రెండు చోట్ల తొమ్మిదేసి వేలు సంపాదించే మనిషి మొత్తం 18,000 తెచ్చుకున్నా ఎవరూ చేర్చరు. కానీ 6,240 దాటితే తానే అడిగి చేరవచ్చు, అప్పుడు యజమాని తన వాటా కట్టక తప్పదు. అడగాలన్న సంగతే తెలియక ఈ డబ్బు వదులుకునే పార్ట్ టైమ్ ఆడవాళ్లు ఎందరో.

సెలవు లెక్క తేడాగా ఉందనిపిస్తే మొదట పేస్లిప్‌లు, రోటా ఫొటోలు పోగుచేయండి. పనిచేసిన గంటలు వేసి 12.07 శాతంతోనో, 5.6తోనో మీ లెక్క మీరు కట్టండి. గొడవ స్వరంలో కాకుండా, నా లెక్క ఇంత వచ్చింది, మీ లెక్క ఎలా వచ్చిందో చెప్పండి అని రాతపూర్వకంగా అడగండి. సగం పొరపాట్లు అక్కడే సరవుతాయి. పార్ట్ టైమ్ అన్న కారణంగా తక్కువ చూశారనుకుంటే, కారణాలు రాసి ఇమ్మని కోరే హక్కు 2000 నాటి నిబంధనల్లో ఉంది. 21 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకుండా తప్పించుకుంటే ట్రిబ్యునల్ దాన్ని యజమానికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. ఉద్యోగం మానేసినా వాడని సెలవుకు డబ్బు రావాలి, ఆఖరి పేస్లిప్‌లో అది లేకపోతే వెంటనే అడగాలి. చదువు ముగించుకుని ఇండియాకు వచ్చేసేవాళ్లు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ చివరి మొత్తమే.

మాటలతో తేలకపోతే ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర రాజీకి నమోదు చేసుకోవాలి. దానికి రుసుము లేదు. అక్కడా కుదరకపోతే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్. 2017లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పటి నుంచి దానికీ ఫీజు లేదు. గడువు మాత్రం చాలా చిన్నది, డబ్బు అందాల్సిన రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ. దీన్ని ఆరు నెలలకు పెంచే చట్టం 2025 డిసెంబరులో ఆమోదం పొందింది గానీ, దాని అమలు మీద ఆశపెట్టుకోకుండా పాత గడువులోపే ఏకాస్ తలుపు తట్టడం క్షేమం. గడువు దాటాక వచ్చిన దరఖాస్తును ట్రిబ్యునల్ అరుదుగా తప్ప తీసుకోదు. పని మానేస్తున్న రోజునే ఆ ఆఖరి తేదీని ఫోన్ కేలెండర్‌లో రాసిపెట్టుకోండి.